గీతలు దాటిన చోట మార్కులు పోకూడదు: వర్క్‌షీట్ల ఫోటోలు దిద్దేవారికి బహిరంగ లేఖ

దిద్దుబాటు నియమాలు రూపొందించే కమిటీ సభ్యులకు, పిల్లల వర్క్‌షీట్లను ఫోటోల్లో చూసి దిద్దుతున్న తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

‘జతపరచండి’ అనే ప్రశ్నకు మన నియమాల్లో సాధారణంగా ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది: సరైన ప్రతి జతకు ఒక మార్కు. కాగితం మన చేతిలో ఉన్నంతకాలం ఆ వాక్యం చాలింది. గీత ఎటు పోయిందో అనుమానం వస్తే కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసేవాళ్ళం, పెన్సిలు ఒత్తిన జాడను వేలితో తడిమేవాళ్ళం, లేదా ఆ పిల్లనే బల్ల దగ్గరకు పిలిచి అడిగేవాళ్ళం. ఇప్పుడు మనకు అందుతున్నది అరచేతి వెడల్పు తెర మీద ఒక బొమ్మ మాత్రమే. ఆ బొమ్మలో ఐదు గీతలు ఒకదాని మీదుగా ఒకటి దాటిపోతుంటే, విద్యార్థి ఏ జత కలిపాడో తేల్చుకోవడమే ఒక ప్రత్యేకమైన పని అవుతుంది. ఆ పనికి మన నియమాల్లో చోటు లేదు. దానికి చోటు కల్పించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. ప్రశ్న మామూలుదే. ఎడమ వరుసలో పై నుంచి కిందికి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, జీర్ణాశయం, మెదడు అని ఐదు అవయవాలున్నాయి. కుడి వరుసలో అ. ఆహారాన్ని జీర్ణం చేస్తుంది, ఆ. రక్తాన్ని శరీరమంతటికీ పంపుతుంది, ఇ. ఆలోచనకు, కదలికలకు ఆధారం, ఈ. శ్వాసక్రియ జరుపుతుంది, ఉ. రక్తాన్ని వడకడుతుంది అని ఐదు పనులున్నాయి. జవాబు 1-ఆ, 2-ఈ, 3-ఉ, 4-అ, 5-ఇ. నా విద్యార్థిని పంపిన ఫోటోలో ఐదు గీతలూ ఉన్నాయి. కుడి వైపున ఫోను నీడ పడి కాస్త చీకటిగా ఉంది. నేను చూసుకుంటూ వెళ్ళి 2వ గీత ‘ఇ’కి, 5వ గీత ‘ఈ’కి చేరాయని చదివి, ఐదుకు మూడు మార్కులు వేశాను. ఊపిరితిత్తులు ఆలోచిస్తాయని, మెదడు శ్వాసక్రియ జరుపుతుందని ఆ పిల్ల అనుకున్నట్టు నేను రికార్డు చేశానన్నమాట. మరుసటి వారం అసలు కాగితం నా చేతికి వచ్చాక చూస్తే ఐదు జతలూ సరిగానే ఉన్నాయి.

పొరపాటు ఎక్కడ జరిగిందో కాగితం మీద స్కేలు పెట్టి చూశాను. 2 నుంచి ‘ఈ’కి దిగే గీత, 5 నుంచి ‘ఇ’కి ఎక్కే గీత ఒకదాన్నొకటి దాటే చోటు వరుసల మధ్య దూరంలో సరిగ్గా ముప్పాతిక వంతు దగ్గర పడుతుంది. అంటే గీతలు దాటుకున్నాక మిగిలేది పావు వంతు పొడవే. పైగా ఆ చోటు ‘ఇ’కి, ‘ఈ’కి నడుమ ఎత్తులో ఉంటుంది. అక్కడ నీడ పడితే కిందికి దిగుతున్న గీత అలాగే దిగి ‘ఈ’కి పోయిందా, లేక తాకి వెనక్కి వంగి ‘ఇ’కి పోయిందా అన్నది కంటికి తెలియదు. గీతలు నడి మధ్యలో దాటుకుంటే రెండు వైపులా చాలినంత పొడవు ఉంటుంది కనుక దారి తెలుస్తుంది. చివర దగ్గర దాటుకున్నవే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

ఈ పొరపాటుకు ఒక లక్షణం ఉంది. గీతలు దాటుకున్న చోటును ఇక మీద కూడలి అంటాను. ఒక కూడలిని తప్పుగా చదివితే రెండు గీతల చివరలు తారుమారవుతాయి కాబట్టి, ఆ రెండూ సరైన జతలైతే పోయేది ఒక మార్కు కాదు, రెండు. అంతేకాదు, రెండు వరుసల్లోనూ అంశాలు సమానంగా ఉండి, విద్యార్థి అన్ని గీతలూ గీసి, ప్రతి గీతా వేరే అంశానికి చేరితే ఐదుకు నాలుగు రావడం అసలు సాధ్యం కాదు. నాలుగు సరైనవైతే ఐదవది దానంతట అదే సరైనదవుతుంది. కాబట్టి మార్కుల పట్టికలో ఇలాంటి ప్రశ్నకు 4 అని కనిపిస్తే ఆగి చూడాలి. ఒక గీత గీయకపోయి ఉండాలి, లేదా రెండు గీతలు ఒకే అంశానికి చేరి ఉండాలి. ఆ రెండూ కాకపోతే తప్పు చదివింది దిద్దినవారే. 3 అని వేసిన చోట మాత్రం అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. అది పిల్లవాడి పొరపాటూ కావచ్చు, మనదీ కావచ్చు. నేను మోసపోయింది అక్కడే.

ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్న పరీక్ష ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. జవాబు సూచిక పక్కన పెట్టి, ఫోటోలో చదివిన జతలను ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి. నా తప్పుడు చదువు ప్రకారం ఎడమ వరుస క్రమంలో రాస్తే కుడి అక్షరాలు ఆ, ఇ, ఉ, అ, ఈ అని వస్తాయి. ఇప్పుడు ప్రతి అక్షరానికీ, దాని తర్వాత రాసినవాటిలో వర్ణమాలలో దానికన్నా ముందుండే అక్షరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ‘ఆ’ తర్వాత ‘అ’ ఉంది కనుక ఒకటి. ‘ఇ’ తర్వాత కూడా ‘అ’ ఉంది కనుక ఒకటి. ‘ఉ’ తర్వాత అ, ఈ ఉన్నాయి కనుక రెండు. మొత్తం నాలుగు. మనం చదివిన జతలే నిజమైతే గీతలు తిన్నగా గీసినప్పుడు ఫోటోలో సరిగ్గా నాలుగు కూడళ్ళు ఉండాలి. కానీ ఆ ఫోటోలో కూడళ్ళు లెక్కపెడితే ఐదు వచ్చాయి. సరైన జవాబును అదే పద్ధతిలో రాస్తే ఆ, ఈ, ఉ, అ, ఇ అవుతుంది. ‘ఆ’కు ఒకటి, ‘ఈ’కి రెండు, ‘ఉ’కు రెండు, మొత్తం ఐదు. ఈ చిన్న లెక్క ఆ రోజే చేసి ఉంటే నా తప్పు నాకు అర నిమిషంలో దొరికేది.

దీని వెనుక ఉన్న కారణం సులభమైనదే. ఎడమన పైనున్న గీత కుడి వైపున కూడా పైనే ముగిస్తే ఆ రెండు గీతలూ దాటుకోవలసిన అవసరం లేదు. క్రమం తిరగబడితేనే దాటుకుంటాయి. పిల్లలు గీతలను వంకరగా గీస్తే అనవసరంగా దాటుకుని మళ్ళీ వెనక్కి రావచ్చు. అప్పుడు కూడళ్ళ సంఖ్య పెరుగుతుంది గానీ, గీతలు రెండు వరుసల మధ్యనే ఉన్నంతవరకు రెండేసి చొప్పున పెరుగుతుంది. కాబట్టి వంకర గీతలకు సంఖ్యలు సమానమా అని కాకుండా, రెండూ సరి సంఖ్యలా లేక రెండూ బేసి సంఖ్యలా అన్నది చూస్తే చాలు. ఒకటి సరి, ఇంకొకటి బేసి అయితే ఎక్కడో ఒక కూడలిని తప్పు చదివినట్టే. మూడు గీతలు ఒకే బిందువు దగ్గర కలిస్తే దాన్ని ఒకటిగా కాదు, మూడుగా లెక్కించాలి. అక్కడ దాటుకుంటున్న జతలు మూడు కనుక.

ఫోటోలకు ఈ పరీక్ష ప్రత్యేకంగా సరిపోవడానికి ఇంకో కారణం ఉంది. ఫోను వాలుగా పట్టుకుని తీస్తే వరుసలు ఒక వైపు దగ్గరపడతాయి, ఇంకో వైపు విడిపోతాయి. కాగితం వంగి ఉంటే తిన్నటి గీతలు కూడా వంగినట్టు కనిపిస్తాయి. కోణాలు మారతాయి, పొడవులు మారతాయి. కూడళ్ళ సంఖ్య మాత్రం మారదు. చిత్రం ఎంత వికారంగా వచ్చినా చెడిపోకుండా మిగిలే సాక్ష్యం అదొక్కటే.

దాని పరిమితులు కూడా చెప్పాలి. తప్పు ఉందని అది చెబుతుంది గానీ ఏ కూడలిలో ఉందో చెప్పదు. రెండు కూడళ్ళను తప్పు చదివితే సరి-బేసి పరీక్షకు చిక్కకపోవచ్చు. గీత చివర ‘ఇ’ ఎదురుగా ఆగిందా, ‘ఇ’కి ‘ఈ’కి మధ్యలో ఆగిందా అన్న సందేహాన్ని కూడా అది తీర్చలేదు. అందుకే లెక్క తేడా వచ్చినప్పుడు మళ్ళీ కళ్ళతోనే చూడాలి, అయితే చూసే పద్ధతి మార్చుకోవాలి.

అనుమానం రాగానే మనం చేసే మొదటి పని ఫోటోను పెద్దది చేయడం. కూడలి విషయంలో అది సాయపడకపోగా చెడగొడుతుంది. బాగా పెద్దది చేస్తే తెర మీద మిగిలేది ఒక ఇంటూ గుర్తు మాత్రమే. దాని నాలుగు చేతులూ ఒకేలా ఉంటాయి, ఏది దేనికి కొనసాగింపో చెప్పే ఆధారం తెర బయటకు పోతుంది. గీత దారి తెలియాలంటే కూడలికి ఇరువైపులా దాని పొడవు కనిపించాలి. కాబట్టి గీత మొదలూ చివరా రెండూ తెర మీద ఉండేంత చిన్నదిగానే ఉంచి, ఫోనును కంటి ఎత్తుకు తెచ్చి, తెరను బాగా వాల్చి, ఆ గీత వెంబడే చూడండి. చెక్క తిన్నగా ఉందో లేదో తేల్చుకోవడానికి వడ్రంగి ఒక కన్ను మూసి దాని అంచు వెంట చూస్తాడు కదా, అలాగే. తిన్నటి గీత అలా చూసినప్పుడు ఒకే ముక్కగా కుదించుకుపోయి కనిపిస్తుంది. కూడలి దగ్గర వంగి వేరే వైపు పోయిన గీత అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చూడడం మంచిది, ఎందుకంటే మొదటిసారి ఊహించుకున్న దారినే కన్ను మళ్ళీ పట్టుకుపోతుంది.

బాగా చిన్న కోణంలో దాటుకునే గీతలు ఈ పద్ధతికీ కొంత ఇబ్బంది పెడతాయి. 1 నుంచి ‘ఆ’కి, 2 నుంచి ‘అ’కి వెళ్ళే గీతలు దాదాపు అడ్డంగానే నడిచి, మధ్యలో కొంత దూరం ఒకే మందపాటి గీతలా కలిసిపోతాయి. పక్కపక్క అంశాలు మారడమే అన్నిటికన్నా కష్టమైన కూడలి. వరుసల మధ్య దూరం పెంచితే గీతలు స్పష్టపడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి దూరం పెరిగేకొద్దీ గీతలు మరింత అడ్డంగా వాలి కోణాలు ఇంకా చిన్నవవుతాయి.

ఫోటోకే సంబంధించిన మోసం మరొకటి, చెరిపేసిన గీతలు. కాగితం మీద రబ్బరుతో చెరిపిన గీత మనకు లేనట్టే లెక్క. కానీ పేజీని నలుపు-తెలుపుగా మార్చే స్కాన్ ఫిల్టరు వాడితే, చెరిపాక మిగిలిన మసక జాడ మళ్ళీ నల్లటి గీతగా లేచి నిలబడవచ్చు. అదే ఫిల్టరు లేతగా గీసిన అసలు గీతను మధ్యమధ్య తెంచేయనూ వచ్చు. దాంతో ఒక అంశం నుంచి రెండు గీతలు బయలుదేరినట్టు, ఇంకో అంశానికి గీతే లేనట్టు కనిపిస్తుంది. ఒకే అంశం నుంచి రెండు గీతలు కనిపిస్తే ‘రెండు జవాబులు రాశాడు, సున్నా’ అని వేసే ముందు ఆ రెండు గీతల నలుపును పోల్చి చూడండి. చెరిపిన గీత పొడవునా ఒకేలా ఉండదు, అక్కడక్కడా తెగి ఉంటుంది. రంగు ఫోటో అయితే దాని చుట్టూ రబ్బరు రాసిన బూడిద మసక కూడా కనిపిస్తుంది. అందుకే ఫిల్టరు వేయని మామూలు రంగు ఫోటోనే పంపమని పిల్లలకు ముందే చెప్పడం అవసరం.

ఇక ఒప్పు-తప్పు ప్రశ్నల సంగతి. ఇవి రెండు విధాలుగా చిక్కుతాయి. మొదటిది, జతపరిచే ప్రశ్నకు కిందనో పక్కనో ఒప్పు-తప్పుల బ్రాకెట్లు ఉన్నప్పుడు, పై నుంచి జారిన గీత బ్రాకెట్టులోని టిక్కు మీదుగా పోతుంది. టిక్కు మీద అడ్డంగా ఒక గీత పడితే చిన్న ఫోటోలో అది అచ్చంగా ఇంటూ గుర్తులా ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఇంటూ గుర్తులోని రెండు గీతలూ బ్రాకెట్టు లోపలే మొదలై లోపలే ఆగుతాయి. దారి తప్పి వచ్చిన గీత బ్రాకెట్టుకు ఇరువైపులా బయటికి సాగుతుంది. ఆ గీతను మనసులో తీసేసి చూస్తే, పొట్టి చేయి ఒకటి, పొడుగు చేయి ఒకటి ఉన్న టిక్కు మిగులుతుంది.

రెండవది ఇంకా లోతైనది. కొన్ని వర్క్‌షీట్లలో ఆరేడు వాక్యాలను ఎడమన ఇచ్చి, కుడిన ‘ఒప్పు’, ‘తప్పు’ అని రెండే గళ్ళు పెట్టి గీతలతో కలపమంటారు. ఇక్కడ ఒక్కో గడికి చాలా గీతలు చేరతాయి కాబట్టి, ‘మిగిలిన అంశం మిగిలిన గీతకే’ అనే ఆసరా ఉండదు. ఒక గీత ‘ఒప్పు’కి, ఇంకొకటి ‘తప్పు’కి పోతూ దాటుకున్న చోట మనం పొరబడ్డామనుకోండి. 3వ, 4వ వాక్యాలు రెండూ నిజమే. విద్యార్థి 3ను ‘తప్పు’తో, 4ను ‘ఒప్పు’తో కలిపాడు. తారుమారుగా చదివితే 3 ఒప్పయింది, 4 తప్పయింది అని వేస్తాం. మొత్తం మార్కు మారదు, అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. కానీ ఆ పిల్లవాడికి రానిది 3వ వాక్యంలోని విషయం, మనం మళ్ళీ చెప్పేది 4వ వాక్యంలోని విషయం. మొత్తాలు సరిపోయాయి కదా అని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఈ తరహా ఒప్పు-తప్పు ప్రశ్నను ఫోటోల్లో దిద్దే వర్క్‌షీట్ల నుంచి పూర్తిగా తీసేయాలన్నది నా అభిప్రాయం. బ్రాకెట్టులో కూడా టిక్కుకు, ఇంటూకు బదులు ‘ఒప్పు’ అని గానీ ‘తప్పు’ అని గానీ మాట పూర్తిగా రాయించాలి. ఎంత గీత మీద పడినా ఒక మాట ఇంకో మాటగా మారదు.

ఇంత జాగ్రత్త తీసుకున్నాక కూడా కొన్ని కూడళ్ళు తేలవు. అప్పుడు మనలో రెండు అలవాట్లు కనిపిస్తున్నాయి. కొందరు స్పష్టంగా లేదు కాబట్టి తప్పు అంటారు. కొందరు సందేహ లాభం పిల్లలకే అంటూ జవాబు సూచికలో ఉన్నట్టు చదువుతారు. మొదటిది అన్యాయమని అందరం ఒప్పుకుంటాం. రెండవది దయగా కనిపిస్తుంది గానీ, ఊపిరితిత్తుల పనిని, మెదడు పనిని నిజంగానే తారుమారు చేసుకున్న పిల్లకు మనం ఐదుకు ఐదు వేసి పంపించేస్తాం. ఆ తర్వాత ఆ గందరగోళం ఆమెతోనే ఉండిపోతుంది. జవాబు తెలిసిన కన్ను ఆ జవాబునే చూస్తుంది, అందుకే సూచికను పక్కన పెట్టి ముందు జతలు రాసుకోమని అంటున్నాను. చదవడం ఒకటి, దిద్దడం ఒకటి. రెండూ ఒకే చూపులో జరగకూడదు.

తేలని కూడలికి మార్కు వేయకుండా ‘చదవలేకపోయాను’ అని రాసి, విద్యార్థిని అడగాలి. అడిగే మాట కూడా జాగ్రత్తగా ఉండాలి. ‘2వది ఈకి కలిపావు కదా?’ అంటే జవాబు మనమే చెప్పినట్టవుతుంది. ‘2వ గీత చివర ఏ అక్షరం ఉంది, 5వ గీత చివర ఏ అక్షరం ఉంది?’ అని రెండూ కలిపి అడగాలి. గీతలు మళ్ళీ గీసి పంపమనకూడదు. అదే కాగితాన్ని, నీడ పడకుండా, పై నుంచి నిటారుగా ఇంకో ఫోటో తీసి పంపమనాలి.

వర్క్‌షీట్లు తయారుచేసేవారు ముందే చేయగలిగినది కూడా ఉంది. ఎడమ వరుసలోని ప్రతి అంశం పక్కన ఒక ఖాళీ బ్రాకెట్టు పెట్టి, గీత గీసినా గీయకపోయినా అక్షరం అందులో రాయమంటే ఈ లేఖలోని చాలా చిక్కులు పుట్టవు. గీతకు, అక్షరానికి తేడా వస్తే అక్షరాన్నే లెక్కలోకి తీసుకుంటామని కూడా అక్కడే రాయాలి. ఇంకా అక్షరాలు రాయడం రాని చిన్న పిల్లలకు గీతలు తప్పవు, అందుకు నేను అభ్యంతరం చెప్పను. వారి ప్రశ్నలో అంశాలు తగ్గించాలి. ఐదు అంశాలను ఏ పద్ధతీ లేకుండా కలిపితే సగటున ఐదు కూడళ్ళు, గరిష్ఠంగా పది వస్తాయి. పది అంశాలకు సగటు ఇరవై రెండున్నర, గరిష్ఠం నలభై ఐదు. అదే పదింటిని ఐదేసి చొప్పున రెండు ప్రశ్నలుగా విడగొడితే రెండూ కలిపి సగటు పది కూడళ్ళే. చిన్న పిల్లలకైతే నాలుగు అంశాలు చాలు. వరుసల మధ్య దూరం వరుస ఎత్తును మించకూడదు. ప్రతి అంశం పక్కన గీత మొదలయ్యే, ముగిసే చోట ఒక నల్లటి చుక్క పెట్టాలి.

కమిటీని నేను కోరుతున్నది దిద్దుబాటు నియమాల్లో ఒక చిన్న పేరా మాత్రమే. దాని వాక్యాలు ఇలా ఉండాలని నా మనవి: ‘గీతలతో జతపరిచిన జవాబులను దిద్దేవారు ముందుగా సూచిక చూడకుండా జతలను రాసుకోవాలి. రాసుకున్న జతల ప్రకారం రావలసిన కూడళ్ళను ఫోటోలోని కూడళ్ళతో పోల్చాలి. లెక్క కుదరకపోయినా, గీత దారి తేలకపోయినా ఆ జతలకు సున్నా వేయకూడదు, పూర్తి మార్కులూ వేయకూడదు. విద్యార్థిని అడిగి తెలుసుకున్న తర్వాతే మార్కు నమోదు చేయాలి.’

ఈ లేఖలో చెప్పిన విద్యార్థినికి పోయిన రెండు మార్కులు తిరిగి చేర్చాను. ఆమె నాతో ఒక మాట అంది: ‘నేను సరిగ్గానే కలిపాను టీచర్, కానీ మీరు తప్పన్నారు కాబట్టి తప్పేనేమో అనుకున్నాను.’ ఆ వారమంతా ఆ పిల్ల తనకు తెలిసిన విషయాన్ని తెలియదనుకుంటూ గడిపింది.

ఇట్లు,
మీ తోటి ఉపాధ్యాయురాలు